పేరు మార్చితే చాలదు, క్రియ మారాలి

ఏప్రిల్ 14 వచ్చినా, బుద్ధ పూర్ణిమ వచ్చినా, అక్టోబరు 14 వచ్చినా మన పేటల్లో ఒక సంగతి జరుగుతుంది. పటానికి దండ వేస్తారు. త్రిశరణం, పంచశీలం పాళీలో చెప్తారు. అది అయిపోయాక పెద్దమ్మ ఒకామె అడుగుతుంది: "మన భాషలో ఒక పద్యం పాడండి నాయనా." అప్పుడు కుర్రవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎవరో ఒకరు ధైర్యం చేసి రామాలయం మైకులో చిన్నప్పటి నుంచీ విన్న భజన వరస ఎత్తుకుంటారు. రాముడి పేరున్న చోట బుద్ధుడి పేరు పెడతారు. జనం చప్పట్లు కొడతారు. కార్యక్రమం ముగుస్తుంది.

ఆ కుర్రవాళ్ళను మేము తప్పు పట్టడం లేదు. బళ్ళో నేర్పింది అదే, గుడి మైకు నేర్పింది అదే. అయితే బుద్ధుడి తోవలో ఒక తెలుగు పద్యం రాయాలంటే పేరు మార్చడం సరిపోదు. ఏం మార్చాలో, ఎలా మార్చాలో ఈ సంచికలో ఒక పద్యం కట్టి చూపిద్దామని మా ప్రయత్నం. ముందు ఎలా రాయకూడదో చూద్దాం. ఇప్పుడు వినబడుతున్న పాటల అచ్చులోనే మేము ఒక ఆటవెలది కట్టాం.

జగములెల్ల నేలు చల్లని తండ్రివి
జాలి జూపి మమ్ము సాకుమయ్య
పాపమెల్ల గడిగి బాధలు దీర్చుము
బుద్ధదేవ! లోకపూజ్యచరణ!

ఛందస్సులో దీనికి వంక పెట్టడానికి లేదు. గణాలు కుదిరాయి, యతులు కుదిరాయి. పాడితే కమ్మగానే ఉంటుంది. చిక్కు అక్కడే ఉంది. కమ్మగా ఉంది కాబట్టి ఎవరూ ఆగి ఆలోచించరు. నాలుగు పాదాల్లోనూ బుద్ధుడు చెప్పని మాటలే ఉన్నాయి.

మొదటి పాదంలో ఆయన జగాలను ఏలే తండ్రి అయ్యాడు. లోకాన్ని పుట్టించినవాడు, ఏలేవాడు ఒకడున్నాడని బుద్ధుడు చెప్పలేదు. తాను అటువంటివాడినని అసలే చెప్పలేదు. రెండో పాదంలో మనం అడుక్కునేవాళ్ళమయ్యాం. మూడో పాదంలో మన పాపం ఇంకొకరు వచ్చి కడుగుతున్నారు. ఎవరి మనసు మాలిన్యం వాళ్ళే కడుక్కోవాలి, ఒకరిని ఇంకొకరు శుద్ధి చేయలేరన్నది బుద్ధుడి బోధ. నాలుగో పాదంలో ఆయన దేవుడైపోయాడు. ఇక్కడి నుంచి ఆయన విష్ణువు అవతారం కావడానికి ఒక్క అడుగు. ఆ అడుగు పడకూడదనే బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షల మందితో చెప్పించిన 22 ప్రతిజ్ఞల్లో బుద్ధుడు విష్ణువు అవతారమన్న మాటను నమ్మబోమని ఒక ప్రతిజ్ఞ పెట్టాడు.

"అమరావతి రాళ్ళ మీద బుద్ధపాదాలు చెక్కారు కదా, పాదాలకు మొక్కితే తప్పేమిటి?" అని అడిగేవాళ్ళున్నారు. చెక్కిన మాట నిజమే. మేము వాటిని ఇలా చూస్తాం: అవి ఒక మనిషి నడిచిన జాడలు. జాడ చూసింది ఆ వైపు నడవడానికి. పద్యంలో పాదాల మాట రావొచ్చు గానీ, వాటి దగ్గర మనం పడి ఉండిపోకూడదు.

ఇప్పుడు ఆ పద్యంలో క్రియలు మాత్రమే ఏరి పక్కన పెట్టండి. ఏలు, జాలి చూపు, సాకు, కడుగు, తీర్చు. పనులన్నీ పైవాడివి. మనకు మిగిలింది చెయ్యి చాచడం. ఈ మాటలు ఎక్కడివో మనకు తెలియనివా? దొర గడీ ముందు మన తాతలు "బాంచెన్ దొరా, నీ కాల్మొక్త" అన్నప్పటి మాటలే. కామందు అరుగు కింద నిలబడి "దయ చూడండి బాబయ్యా" అన్నప్పటి మాటలే. అక్కడ కరుణ అంటే పై నుంచి కిందికి జారేది. పోస్తే తాగాలి, పోయకపోతే ఎండాలి. దొర ఉన్న చోట బుద్ధుణ్ణి కూర్చోబెట్టి అదే క్రియ వాడితే నిలబడే మన తీరు మారదు.

జాషువా గారు 1941లో 'గబ్బిలం' రాశారు. గుడిలోకి పోనివ్వని ఒక అరుంధతీసుతుడు తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలం గుడిలోకి పోగలదు, మనిషి పోలేడు. ఆ దెబ్బ లోకానికి తగలాల్సినట్టే తగిలింది. బౌద్ధ పద్యం రాసేవాడికి మాత్రం ఆ కబురు అందుకునే దేవుడు అవతల లేడు. మరి ఎవరితో మాట్లాడాలి? రాయడానికి కూర్చున్న ప్రతివాడికీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే.

బాబాసాహెబ్ పుస్తకం 'బుద్ధుడు, ఆయన ధమ్మం' ఆయన పోయాక 1957లో వచ్చింది. బుద్ధుడు మోక్షదాత కాదు, మార్గదాత అని అందులో ఆయన తేల్చి చెప్పాడు. మోక్షం ఇచ్చేవాడిని అడగాలి. దారి చూపినవాడిని అడగడానికి ఏమీ లేదు, నడవడమే ఉంది. అందుకని బౌద్ధ పద్యంలో 'ఇవ్వు, కావు, బ్రోవు' అనే క్రియలకు పనిలేదు. వాటి బదులు మూడు రకాల క్రియలు వాడుకోవచ్చు.

ఒకటి కోరిక. ప్రాణులన్నీ సుఖంగా ఉండుగాక అనే తీరు. సుత్తనిపాతంలోని మెత్త సుత్తం నడక ఇదే. రెండోది ప్రతిన. ఫలానా పని మానుకుంటాను అని ఎవరికి వాళ్ళు చెప్పుకునే తీరు. పంచశీలం ఇలాగే నడుస్తుంది, అందులో ఆజ్ఞ ఇచ్చేవాడెవడూ లేడు. మూడోది వర్ణన. మంచి మనసు ఏం చేస్తుందో చూపించి, బాట అదేనని చెప్పి ఊరుకోవడం. 'గాక' అంటే మన ఊళ్ళో పంతులు అక్షింతలు వేసినట్టు వినిపిస్తుంది. ప్రతిన దీక్షనాడు బాగుంటుంది. నలుగురూ కూర్చుని రోజూ పాడుకోవడానికి మూడోదే అనువని మేము దాన్ని తీసుకున్నాం.

ఇక వస్తువు. కరుణ మీద రాయమనగానే సాగరం, వెన్నెల, తామరపువ్వు వచ్చేస్తాయి. వాటిని ఇప్పటికే వెయ్యి కీర్తనలు వాడేశాయి. పేటలో కరుణ దేనితో కొలుస్తామో ఆలోచిస్తే మాకు నీళ్ళు తోచాయి. ఊరబావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరో చేద ఎత్తి పోస్తే దోసిలి పట్టిన జాతి మనది. బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువులోకి దిగి తాగింది నీళ్ళే. అందుకని కుండను తీసుకున్నాం. కుండ మనకు పరాయి బొమ్మ కాదు. అమరావతి స్తూపానికి విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి ఒక రాతిపలక దానమిచ్చినట్టు దాని మీదే చెక్కి ఉంది. ఆ పలక మీది బొమ్మ పూర్ణకుంభం. తోలుపని చేసినవాడు ఇచ్చిన నిండుకుండ అది.

కొలత ఆటవెలది. వేమన పద్యాల వల్ల బడికి పోనివాళ్ళ నోట కూడా ఆ నడక ఉంటుంది. గణాలు తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. 'కుండ' అన్నా 'కులము' అన్నా అది ఒక సూర్యగణం. సూర్యగణానికి ఈ రెండే రూపాలు. 'దాపున', 'కూర్చుండి', 'దయతోడ', 'నిలబడి' వంటివి ఇంద్రగణాలు. ఇవి మొత్తం ఆరు రకాలు, ఈ నాలుగు మన పద్యాలకు సరిపోతాయి. ఒకటో పాదం, మూడో పాదం మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలు అయిదేసి సూర్యగణాలు. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కలవాలి. ప్రాస అక్కరలేదు.

ముందుగా మకుటం కట్టాలి, అంటే ప్రతి పద్యానికీ చివర వచ్చే పాదం. మామూలుగా అక్కడే దేవుణ్ణి పిలుస్తారు. మనం ఎవరినీ పిలవబోవడం లేదు. బుద్ధుడు 'సతి' అన్నదాన్ని తెలుగులో పెట్టాలి. 'స్మృతి' అంటే పుస్తకం మాట, పైగా మన వాళ్ళకు మనుస్మృతి గుర్తొస్తుంది. 'ఎరుక' మంచి మాటే గానీ, అచల తత్త్వాలు పాడే ఊళ్ళలో దానికి వేరే అర్థం ఉంది. వాళ్ళ లెక్కలో ఎరుక విడిచిపెట్టాల్సిన భ్రమ. 'ధ్యానం' అంటే కళ్ళు మూసుకుని కూర్చోవడమే అనుకుంటారు. రాత్రి చేనుకు కాపలా పోయే మనిషికి తెలిసిన మాట 'మెలకువ'. నిద్రపోకుండా, బెదిరిపోకుండా, ఏది కదిలినా తెలుసుకుంటూ ఉండడం. అదే తీసుకున్నాం: 'మెలకువున్న మనసె మేలు బాట'. పద్యం ఇలా వచ్చింది.

దప్పిగొన్నవారి దాపున కూర్చుండి
కులము నడుగకుండ కుండ వంచు
తల్లి బిడ్డ గాచు దయతోడ గాచెడి
మెలకువున్న మనసె మేలు బాట

నాలుగు పాదాలూ కలిసి ఒకే వాక్యం. దప్పిగొన్నవాళ్ళ దగ్గర కూర్చుని, కులం అడక్కుండా కుండ వంచే మనసు, తల్లి బిడ్డను కాచినంత దయతో కాచే మనసు, మెలకువతో ఉన్న ఆ మనసే మంచి బాట. తల్లీబిడ్డల పోలిక మెత్త సుత్తంలో ఉన్నదే, అది మా సొంతం కాదు. మొదటి పాదంలో 'కూర్చుండి' అన్నది కావాలని వేశాం. నిలబడి పై నుంచి పోస్తే అది పాత బావిగట్టు అవుతుంది. పక్కన కూర్చుని పోస్తే కుండ ఇద్దరిదీ అవుతుంది. కరుణ చూపేవాడు ఎత్తున ఉండనక్కరలేదని ఆ ఒక్క మాట చెప్తుంది.

ఇంతటితో ఆగితే మన జనం ఒక మాట అడుగుతారు, అడగాలి కూడా. "మా మీద కత్తులెత్తినవాళ్ళ పట్ల కూడా కరుణేనా?" కారంచేడులో 1985 జూలైలో జరిగింది మనం మరిచిపోలేదు. మాదిగపల్లె తాగే చెరువు నీళ్ళలో కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు గొడవ మొదలైంది. కొట్టవచ్చినవాళ్ళను ఒక అమ్మ తన నీళ్ళ బిందె ఎత్తి అడ్డుకుంది. జూలై 17న పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. కరుణ గురించి రాసే తెలుగు పద్యంలో ఆ అమ్మ ఎత్తిన బిందెకు చోటు లేకపోతే అది మన పద్యం కాదు. దప్పికకు వంచిన కుండ, అన్యాయానికి ఎత్తిన బిందె రెండూ ఒకే మనసులోంచి రావాలి. బిడ్డను కాచే తల్లి అడ్డం కూడా నిలబడుతుంది. అందుకే రెండో పద్యం అవసరమైంది.

కోపమొచ్చినపుడు గుర్తించి నిలబడి
ఊపిరొకటి చూచి ఉలికిపడక
నీటికడ్డువచ్చు నీచము నెదిరించు
మెలకువున్న మనసె మేలు బాట

ఇందులో కోపం వద్దని లేదు. కోపం వస్తుంది. వచ్చిందని తెలుసుకోవడం మెలకువ. ఒక్క ఊపిరి లోపలికి పోయి బయటికి వచ్చేదాకా దాన్ని చూస్తే, కోపం మనల్ని ఈడ్చుకుపోకుండా ఉంటుంది. ఆ తర్వాత ఎదిరించే పని కోపం చేయదు, మనం చేస్తాం. ఊళ్ళో కొట్లాట లేపి కేసు మన మీదికే తిప్పాలని చూసేవాళ్ళ ముందు ఈ ఒక్క ఊపిరి విలువ ఏమిటో సంఘం పని చేసినవాళ్ళకు తెలుసు.

రెండో పాదం చివర 'ఉలికిపడక' బదులు 'ఓర్మితోడ' అని వేసినా గణం సరిపోతుంది, యతి కూడా సరిపోతుంది. అయినా వేయలేదు. ఓర్చుకో అన్న మాట మనకు తరతరాలుగా చెప్పిందే. ఆ మాట పద్యంలో పడితే పాడేవాళ్ళకు బుద్ధుడు కూడా ఊరుకోమన్నాడనే అనిపిస్తుంది. ఛందస్సు రెండు మాటలకు చోటిచ్చినప్పుడు ఏది పెట్టాలో మన బతుకు చెప్పాలి.

'నీచము' అన్న మాట దగ్గర కొందరు ఉలిక్కిపడొచ్చు. మన మీద విసిరిన మాట అది. అందుకే దాన్ని పట్టుకుని సరైన చోట పెట్టాం. సుత్తనిపాతంలోనే వసల సుత్తం ఉంది. మనిషి పుట్టుకతో నీచుడు కాడు, చేసిన పనితోనే అవుతాడని దాని సారం. మన పద్యంలో నీచమన్నది మనిషిని కాదు, నీళ్ళకు అడ్డువచ్చే పనిని. ఎదిరించేది కూడా ఆ పనినే. ఈ తేడా నిలిస్తేనే కరుణ, పోరాటం ఒక పద్యంలో ఇముడుతాయి. 'నీచుల' అని మారిస్తే రెండో పద్యం మొదటిదాన్ని కొట్టేస్తుంది.

ఎవరు రాసినా తమ పద్యాన్ని తామే పరీక్షించుకునే ఉపాయం ఒకటుంది. బుద్ధుడి పేరు తీసి వేంకటేశుడి పేరో ఇంకో దేవుడి పేరో పెట్టి చదవండి. అర్థం చెడకుండా నడిచిపోతే ఆ పద్యం బౌద్ధం కాదు. పైన మేము ముందు చూపిన పద్యం ఈ పరీక్షలో ఒక్క నిమిషం నిలవదు. మా రెండు పద్యాల్లో అసలు పేరే లేదు కదా అంటారు. నిజమే. పేరు ఉండకూడదని కాదు. 'బుద్ధుడు నడిచిన బాట' అనవచ్చు. పేరు పిలుపుగా వస్తుందా, గుర్తుగా వస్తుందా అన్నది చూసుకోవాలి. పిలుపైతే వెనకనే కోరిక వస్తుంది. గుర్తైతే ఆయన గుణం వస్తుంది. బుద్ధానుస్సతి అంటే ఆయన గుణాలను తలచుకోవడమే.

ఒక మాట ఒప్పుకోవాలి. బౌద్ధులందరూ ఇలాగే పాడతారని మేము అనడం లేదు. జపానులో అమితాభ బుద్ధుడి పేరు జపించి నమ్ముకునే సంప్రదాయం ఉంది. అవలోకితేశ్వరుణ్ణి ప్రార్థించే దేశాలున్నాయి. వాళ్ళ భక్తిని తక్కువ చేయడం మా పని కాదు. నాగపూరులో మన పెద్దలు పట్టిన తోవలో పద్యం ఎలా ఉండాలన్నదే ఇక్కడి మాట. అలాగే ఈ పద్యాలు త్రిశరణ పంచశీలాలకు బదులు కావు. అవి అయ్యాక పాడుకునేవి.

పాడే తీరు కూడా చెప్పాలి. ఒకరు మూడు పాదాలు పాడితే మకుటం అందరూ కలిసి అనాలి. రెండో పద్యంలో 'ఉలికిపడక' అన్న తర్వాత ఆగాలి. నిజంగా ఒక ఊపిరి తీసి వదిలేదాకా ఎవరూ గొంతెత్తకూడదు, డప్పు కూడా మోగకూడదు. ఆ తర్వాతే మూడో పాదం. మొదట్లో పిల్లలు నవ్వుతారు, కొందరు తొందరపడి అందుకుంటారు. నాలుగు రోజులు పోతే ఆ మౌనం కుదురుతుంది. ఆ ఆగడాన్ని వదిలేస్తే 'ఊపిరి' అన్నది వట్టి మాటగా మిగిలిపోతుంది.

నీళ్ళు మేము ఎత్తుకున్న వస్తువు మాత్రమే. కౌలు చేను, కూలి గంటలు, హాస్టలు అన్నం, తెగిన చెప్పు కుట్టే చెయ్యి, పురుటింటి దీపం ఇవన్నీ పద్యాల కోసం ఎదురు చూస్తున్నాయి. మకుటం అదే ఉంచుకోండి, లేదా మీదే కట్టుకోండి. రాసింది మొదట మీ పేటలో చదువురాని పెద్దవాళ్ళకు వినిపించండి. "ఇందులో మనం ఎవరినన్నా అడుక్కుంటున్నామా?" అని వాళ్ళనే అడగండి. లేదన్నాక మాకు పంపండి, అచ్చు వేస్తాం.

జై భీమ్!